పెసర, మినుము పైర్లలో పల్లాకు తెగులు: తట్టుకొనే రకం ఎంపికలో గమనించవలసిన అంశాలు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తేమ ఉండగానే, నిలిచి ఉన్న వరిలో మినుము విత్తనం వెదజల్లుతారు. ఆ తరువాత ఆ చేనులో దున్నకం ఉండదు, అంతరకృషి ఉండదు, చాలా చోట్ల నీటి తడి కూడా ఉండదు. వరి విడిచిన తేమ మీద, మంచు మీద ఆధారపడి పైరు పండాలి. ఇటువంటి సాగులో రైతు పూర్తిగా తన చేతిలో ఉంచుకొని తీసుకొనే నిర్ణయాలు కొద్ది. వాటిలో రకం ఎంపిక మొదటిది. పల్లాకు తెగులు విషయంలో అది దాదాపు చివరిది కూడా. ఎందుకంటే వైరస్ ఒకసారి మొక్కలో ప్రవేశించిన పిదప దానిని నయం చేసే మందు లేదు.

అయితే విత్తన సంచి మీద గాని, కరపత్రంలో గాని కనిపించే 'పల్లాకు తెగులును తట్టుకుంటుంది' అన్న వాక్యం ప్రతి చోటా, ప్రతి కాలంలోనూ ఒకే అర్థాన్ని ఇవ్వదు. ఆ రకాన్ని ఏ ప్రాంతంలో, ఏ వైరస్ ఎదుట, ఎంత తెల్లదోమ ఉధృతిలో పరీక్షించారు అన్నదానిని బట్టి ఆ వాక్యానికి విలువ ఏర్పడుతుంది. విస్తరణ శాస్త్రవేత్త ఈ తేడాను గుర్తించి సిఫారసు చేసినప్పుడే రైతుకు మేలు కలుగుతుంది. ఈ వ్యాసంలో ఆ తేడా ఎక్కడి నుండి వస్తుంది, దానిని క్షేత్రంలో ఎలా తెలుసుకోవాలి అన్న విషయాలు వివరించబడ్డాయి.

తెగులును గుర్తించడం

మొదట లేత ఆకుల మీద చెదురుమదురుగా చిన్న పసుపు చుక్కలు కనిపిస్తాయి. తరువాత వచ్చే ఆకుల్లో ఇవి పెద్దవై, ఒకదానితో ఒకటి కలిసి, పసుపు, ఆకుపచ్చ మచ్చలు క్రమం లేకుండా పక్కపక్కనే ఏర్పడతాయి. తెగులు ముదిరిన కొద్దీ కొత్త ఆకులు పూర్తిగా పసుపు రంగులోనే విచ్చుకుంటాయి. మొక్క గిడసబారుతుంది, పూత తగ్గుతుంది. పట్టిన కొద్ది కాయలు పసుపు రంగుకు తిరిగి, పొట్టిగా, వంకరగా ఉంటాయి. వాటిలోని గింజలు చిన్నవిగా, ముడుతలు పడి ఉంటాయి.

పసుపు రంగు కనిపించిన ప్రతి చేనునూ పల్లాకు తెగులు సోకిన చేనుగా లెక్కించడం తగదు. ఇనుపధాతు లోపంలో లేత ఆకుల ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం మాత్రమే ఒకే తీరున పాలిపోతుంది. ఈ లోపం సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో చేనులో ఒక భాగమంతటా ఒకేసారి కనిపిస్తుంది. నత్రజని లోపంలో పసుపు రంగు ముదురు ఆకుల నుండి మొదలవుతుంది. పల్లాకు తెగులులో మచ్చలు ఈనెలను పట్టించుకోవు. ఒక ఆకులోనే పచ్చదనం, పసుపు కలగలిసి ఉంటాయి. వ్యాధి సోకిన మొక్క పక్కనే ఆరోగ్యంగా ఉన్న మొక్క కనిపిస్తుంది. ఆకుముడత తెగులులో ఆకులు ముడుతలు పడి పెద్దవై మందంగా మారతాయి గాని, ఇంత స్పష్టమైన పసుపు మచ్చలు ఏర్పడవు. తెగులును లెక్కించే ముందు ఈ భేదాలను చూచుకోకపోతే, మంచి రకానికి చెడ్డపేరు వచ్చే ప్రమాదం ఉంది.

మినుములో మరొక విశేషం గమనించదగినది. కొన్ని రకాల్లో పసుపు మచ్చలు విస్తరించకుండా, ఏర్పడిన చోటనే కణజాలం చనిపోయి గోధుమ రంగు మచ్చగా నిలిచిపోతుంది. ఆ మచ్చల వద్ద వైరస్ ముందుకు సాగడం కష్టమవుతుంది. చూడటానికి ఆకు దెబ్బతిన్నట్లు కనిపించినా, ఇది మొక్క ఎదిరిస్తున్నదనడానికి గుర్తు. ఇటువంటి మొక్కను ఆకుమచ్చ తెగులు సోకినదిగా గాని, పల్లాకు తెగులుకు లొంగినదిగా గాని నమోదు చేయడం పొరపాటు.

వైరస్, దానిని మోసే తెల్లదోమ

ఈ తెగులును కలుగజేసేవి జెమినీవిరిడే కుటుంబంలో బెగోమోవైరస్ ప్రజాతికి చెందిన వైరస్‌లు. వీటి జన్యుపదార్థం రెండు వలయాకారపు ఏకపోగు డి.ఎన్.ఎ. ముక్కలుగా, రెండు వేర్వేరు కణాలలో ఉంటుంది. 'ఎ' ముక్కలో వైరస్ తనను తాను వృద్ధి చేసుకోవడానికి, పై తొడుగు ప్రోటీను తయారు చేసుకోవడానికి కావలసిన జన్యువులు ఉంటాయి. 'బి' ముక్కలో మొక్కలో ఒక కణం నుండి మరొక కణానికి సాగడానికి కావలసిన జన్యువులు ఉంటాయి. రెండు ముక్కలూ మొక్కను చేరినప్పుడే తెగులు పూర్తిగా బయటపడుతుంది.

వ్యాధి సోకిన ఆకు రసాన్ని ఆరోగ్యంగా ఉన్న ఆకుపై రుద్దడం వలన ఈ తెగులు మామూలుగా రాదు. చేనులో దీనిని వ్యాప్తి చేసేది తెల్లదోమ, అనగా బెమీసియా టబాకి. తెల్లదోమ ఆకు అడుగున చేరి, తన సూదివంటి నోటిభాగాన్ని పోషక నాళాల వరకు దించి రసం పీలుస్తుంది. రసంతో పాటు వైరస్ దాని ఆహారనాళాన్ని చేరి, అక్కడి నుండి శరీర ద్రవంలోకి, ఆపైన లాలాజల గ్రంథుల్లోకి వెళుతుంది. ఈ ప్రయాణానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ తరువాత ఆ దోమ వాలిన ప్రతి పప్పుజాతి మొక్కలోకి లాలాజలంతో పాటు వైరస్‌ను వదలగలదు.

ఇక్కడ రెండు విషయాలు రైతుకు నష్టాన్ని నిర్ణయిస్తాయి. వ్యాధి మొక్కపై సుమారు 15 నిమిషాలు రసం పీల్చితే చాలు, తెల్లదోమ వైరస్‌ను గ్రహించగలదు. ఆరోగ్యవంతమైన మొక్కకు దానిని అంటించడానికి కూడా దాదాపు అంతే సమయం చాలు. ఒక్క దోమ అయినా తెగులును అంటించగలదు. ఒకసారి వైరస్‌ను గ్రహించిన దోమ చాలా రోజుల పాటు దానిని మోస్తూనే ఉంటుంది. ఆడదోమలు మగదోమల కంటె ఎక్కువ కాలం, ఎక్కువ సమర్థంగా దీనిని వ్యాప్తి చేస్తాయి.

ఈ కాలపరిమితులే పురుగుమందుల హద్దును కూడా తెలుపుతాయి. పక్క చేను నుండి వైరస్‌తో వచ్చిన దోమ, మందు పిచికారీ చేసిన మొక్కపై వాలినా, మందు ప్రభావానికి లోనై చనిపోయే లోపలనే తన పని పూర్తి చేయగలదు. కావున పిచికారీ బయటి నుండి వచ్చే తొలి వ్యాప్తిని ఆపలేదు. చేనులోనే గుడ్లు పెట్టి పెరిగిన తరం ఒక మొక్క నుండి మరొక మొక్కకు చేసే మలి వ్యాప్తిని మాత్రమే తగ్గించగలదు. అవసరం లేకున్నా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదేపదే వాడితే సహజ శత్రువులు నశించి తెల్లదోమ మరింత పెరుగుతుంది. 1980ల మధ్య సంవత్సరాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు దీనిని స్వయంగా చవిచూచారు.

తెల్లదోమకు ఆశ్రయమిచ్చే మొక్కలు వేరు, వైరస్‌కు ఆశ్రయమిచ్చే మొక్కలు వేరు అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వంగ, బెండ, పత్తి, టమాట వంటి పైర్లు తెల్లదోమను పెంచుతాయి గాని ఈ వైరస్‌లను నిలువ ఉంచేవి ముఖ్యంగా పప్పుజాతి మొక్కలే. చేను చుట్టూ కూరగాయలు ఉన్నంత మాత్రాన తెగులు రాదు. దోమ సంఖ్య, దగ్గరలో వ్యాధి సోకిన పెసర, మినుము, సోయాచిక్కుడు వంటి పైరు, ఈ రెండూ కలిసినప్పుడే ఉధృతి ఏర్పడుతుంది. ముందుగా విత్తిన చేను కోతకు రాకముందే దాని పక్కన ఆలస్యంగా మరొక చేను విత్తితే, మొదటి చేనులో పెరిగిన దోమలు వైరస్‌ను వెంటబెట్టుకొని రెండవ చేనులోని లేత మొక్కలపైకి తరలివస్తాయి.

తెగులు ఎప్పుడు సోకిందన్నదే నష్టానికి కొలమానం

మొలక దశ నుండి మొదటి మూడు వారాలలో సోకిన మొక్క సాధారణంగా పనికివచ్చే దిగుబడి ఇవ్వదు. పూత దశలో సోకితే కాయల సంఖ్య, గింజ బరువు తగ్గుతాయి. కాయలు గట్టిపడిన తరువాత సోకితే ఆకులు పసుపుబారినా నష్టం స్వల్పం. అందువలన కోతకు పది రోజుల ముందు చేనును చూచి, నూటికి ఎన్ని మొక్కలు పసుపుగా ఉన్నాయని లెక్కించినంత మాత్రాన రకం గుణం తెలియదు. 20, 30, 40 రోజుల వయస్సులో వరుసగా లెక్కించినప్పుడే తెగులు ఎప్పుడు ప్రవేశించింది, ఎంత వేగంగా పెరిగింది అన్నవి తెలుస్తాయి.

ఈ కారణం చేతనే వరి మాగాణుల్లో తెగులు ఒక్కొక్క సంవత్సరం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. నవంబరు చివరి భాగంలో, డిసెంబరులో చలి ఉన్నంతకాలం తెల్లదోమ నెమ్మదిగా పెరుగుతుంది. చలి తగ్గి వాతావరణం వేడెక్కి, వానలు లేకుండా ఉంటే దాని జీవితచక్రం కుదించుకుపోయి తరాలు త్వరత్వరగా వస్తాయి. సకాలంలో విత్తిన పైరు ఆ సమయానికి కాయ దశకు చేరుకుంటుంది. ఆలస్యంగా విత్తినది పూతకు ముందే చిక్కుతుంది. వేసవి పెసర, వేసవి మినుములలో ఈ ప్రమాదం మొలక దశ నుండే ఉంటుంది.

నిరోధకత, ఓర్పు, తప్పించుకోవడం

చేనులో ఒక రకం పచ్చగా ఉండడానికి మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. మొక్కలోకి ప్రవేశించిన వైరస్ వృద్ధి చెందకుండా గాని, ఒక కణం నుండి మరొక కణానికి సాగకుండా గాని మొక్క అడ్డుకుంటే అది నిరోధకత. వైరస్ వృద్ధి చెందినా, మొక్క స్వల్ప లక్షణాలతో చెప్పుకోదగిన దిగుబడి ఇస్తే అది ఓర్పు. దోమ రానందువలన గాని, వచ్చే లోపల పైరు ముదిరినందువలన గాని తెగులు రాకపోతే అది తప్పించుకోవడం మాత్రమే. మూడవదానిని మొదటిదిగా భావించి సిఫారసు చేయడం వలననే ఎక్కువ నష్టాలు జరుగుతాయి.

ఓర్పు గల రకానికి సంబంధించి మరొక చిక్కు ఉంది. అది తన యజమానికి దిగుబడి ఇస్తుంది గాని, తనలో వైరస్‌ను ఉంచుకొని పొరుగు చేనుకు దోమల ద్వారా పంపగలదు. ఒక గ్రామంలో ఓర్పు గల రకం, లొంగిపోయే రకం పక్కపక్కనే ఉంటే రెండవ రకం వేసిన రైతే నష్టాన్ని భరిస్తాడు.

ప్రస్తుతం సాగులో ఉన్న రకాలలోని నిరోధకత ప్రధానంగా వైరస్ మీద పనిచేసేదే గాని, తెల్లదోమ మీద కాదన్నది కూడా స్పష్టంగా చెప్పవలసిన విషయం. నిరోధక రకం వేసిన చేనులో దోమలు కనిపించడం వింత కాదు. ఆకులపై దోమలు ఉన్నాయని చూచి రైతు రకం మోసగించిందని అనుకోరాదు. దోమ సంఖ్య మితిమీరితే రసం పీల్చడం వలన కలిగే ప్రత్యక్ష నష్టానికి మాత్రమే వేరుగా చర్య తీసుకోవాలి.

ఒక చోట నిలిచిన రకం మరొక చోట ఎందుకు లొంగుతుంది

మన దేశంలో పెసర, మినుములపై పల్లాకు తెగులును కలిగించే ముఖ్యమైన వైరస్‌లు రెండు. మంగ్‌బీన్ ఎల్లో మొజాయిక్ వైరస్ ఎక్కువగా దక్షిణ, పశ్చిమ ప్రాంతాలలో వ్యాపించి ఉంది. మంగ్‌బీన్ ఎల్లో మొజాయిక్ ఇండియా వైరస్ ఉత్తర, మధ్య, తూర్పు ప్రాంతాలలో ఎక్కువ. ఈ హద్దు గీత గీసినట్లు ఉండేది కాదు. లక్షణాలను కంటితో చూచి ఈ రెండింటినీ వేరు చేయడం సాధ్యం కాదు. ప్రయోగశాలలో జన్యు పరీక్ష అవసరం.

ఒకే వైరస్‌లో కూడా వైవిధ్యం తక్కువేమీ కాదు. తమిళనాడులోని వంబన్ వద్ద సేకరించిన మినుము మొక్కలలో ఒకే 'ఎ' ముక్కతో జతగా ఒకటికి మించిన తీరు 'బి' ముక్కలు ఉన్నట్లు గుర్తించారు. వైరస్ మొక్కలో సాగే తీరును 'బి' ముక్క ప్రభావితం చేస్తుంది గనుక, ఈ జతలు మారినప్పుడు ఒకే రకం భిన్నంగా స్పందించే అవకాశం ఉంది. తెల్లదోమలో సైతం బయటికి ఒకేలా కనిపించే అనేక జన్యు సమూహాలు ఉన్నాయి. అవి వైరస్‌ను మోసే సామర్థ్యంలోనూ, మందులను తట్టుకోవడంలోనూ ఒకదానితో ఒకటి పోలవు.

నిరోధకత వారసత్వంపై ప్రచురితమైన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కూడా ఇదే ముఖ్య కారణం. కొందరు పరిశోధకులు ఒక బహిర్గత జన్యువు, కొందరు ఒక అంతర్గత జన్యువు, మరికొందరు రెండు అంతర్గత జన్యువులు కారణమని నివేదించారు. వాడిన తల్లిదండ్రుల రకాలు, ఎదుర్కొన్న వైరస్, తెగులును కొలిచిన పద్ధతి వేర్వేరు అయినప్పుడు సమాధానాలు వేర్వేరుగా రావడం సహజం. ఒక ప్రాంతంలో నిరోధకతతో అనుసంధానమైనదిగా కనుగొన్న జన్యు సూచికను మరొక ప్రాంతపు ప్రజనన కార్యక్రమంలో వాడే ముందు, అక్కడి వైరస్ ఎదుట తిరిగి పరీక్షించవలసి ఉంటుంది. విద్యార్థులు సూచికలపై పరిశోధన పత్రాలు చదివేటప్పుడు మొదట చూడవలసినది ఏ వైరస్‌పై ఆ పని జరిగిందన్న వాక్యాన్నే.

తెలుగు రాష్ట్రాలలోని రకాలు

మన ప్రాంతంలో 'తెగులును తట్టుకొనే మినుము' అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. వరి మాగాణి మినుముకు ఒకప్పటి ముఖ్య శత్రువు బూడిద తెగులు. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం నుండి వచ్చిన ఎల్.బి.జి. 17 వంటి రకాలు బూడిద తెగులును తట్టుకోవడం వలననే డెల్టాలో ఆదరణ పొందాయి. అదే స్థానం నుండి వచ్చిన ఎల్.బి.జి. 623 కూడా బూడిద తెగులును తట్టుకొనేదే. కాని పల్లాకు తెగులుకు అది ఎంతగా లొంగుతుందంటే, పరిశోధకులు దానిని నిరోధకత పరీక్షలలో లొంగిపోయే ప్రామాణిక రకంగా వాడుతున్నారు. ఒకే రకం ఒక తెగులుకు మేలైనది, మరొక తెగులుకు బలహీనమైనది. కావున రైతు 'తెగులు తట్టుకొనే రకం' అని అడిగినప్పుడు, ఏ తెగులు అన్న ప్రశ్న తప్పనిసరిగా వేయాలి.

పల్లాకు తెగులును తట్టుకొనే మినుము రకాలలో పి.యు. 31 పంత్‌నగర్‌లో రూపొందినది. ఉత్తరాది రకమైనా మన ప్రాంతంలో పరీక్షింపబడి విస్తృతంగా సాగులోకి వచ్చింది. ఇది సాదా గింజ రకం. తిరుపతి పరిశోధనా స్థానం నుండి టి.బి.జి. 104, లాం నుండి ఎల్.బి.జి. 787, ఘంటసాల నుండి జి.బి.జి. 1 వచ్చాయి. టి.బి.జి. 104 పాలిష్ గింజ రకం. సాదా, పాలిష్ గింజల మధ్య ధర తేడా ఉన్న మార్కెట్లలో ఈ విషయం రైతు నిర్ణయాన్ని తెగులు కంటె బలంగా ప్రభావితం చేస్తుంది. సిఫారసు చేసేవారు దీనిని పక్కన పెట్టకూడదు.

పెసరలో వరంగల్ నుండి వచ్చిన డబ్ల్యు.జి.జి. 42, కాన్పూరులోని భారత పప్పుధాన్యాల పరిశోధనా సంస్థ రూపొందించిన ఐ.పి.ఎం. 2-14 పల్లాకు తెగులును తట్టుకొనే రకాలుగా సాగులో ఉన్నాయి. అదే సంస్థ నుండి వచ్చిన ఐ.పి.ఎం. 205-7 నిరోధకతతో పాటు రెండు నెలల లోపలనే కోతకు వస్తుంది. వేసవిలో ఈ స్వల్పకాలం అదనపు రక్షణ. దోమ ఉధృతి పతాకస్థాయికి చేరే లోపలనే కాయ గట్టిపడుతుంది. అయితే అటువంటి రకం బాగున్నప్పుడు, ఆ ఫలితంలో నిరోధకత వాటా ఎంత, తప్పించుకోవడం వాటా ఎంత అన్నది ఆలస్యంగా విత్తిన చేనును చూచినప్పుడే తేలుతుంది.

ఒక గ్రామంలో ఎంపిక: ఉదాహరణ

డెల్టాలోని ఒక గ్రామంలో వరి కోతల తరువాత మినుము వేస్తారని, గత రెండు సంవత్సరాలుగా పల్లాకు తెగులు వస్తున్నదని అనుకుందాం. అక్కడి రైతులు ఇంట నిలువ చేసిన విత్తనం వాడుతున్నారు. దానిని తట్టుకొనే రకమనే నమ్ముతున్నారు. విస్తరణ శాస్త్రవేత్త ఒక ఎకరాను మూడు పట్టీలుగా విభజించి, ఒకదానిలో పి.యు. 31, రెండవదానిలో టి.బి.జి. 104, మూడవదానిలో రైతు సొంత విత్తనం ఒకే రోజున వేయిస్తాడు. పట్టీల మధ్య, అంచులలో ఎల్.బి.జి. 623 వంటి లొంగిపోయే రకాన్ని సన్నని పట్టీగా వేయిస్తాడు. ఈ చివరిది వ్యర్థమైన స్థలం కాదు. ఆ చేనుకు వైరస్‌తో కూడిన దోమలు వచ్చాయో లేదో చెప్పే సాక్షి అదే.

లెక్కింపు సులభం. ప్రతి పట్టీలో ఐదు చోట్ల, చోటికి వరుసగా 20 మొక్కలు, మొత్తం 100 మొక్కలు చూడాలి. బాగా కనిపించిన మొక్కలను గాని, పసుపుగా ఉన్నవాటిని గాని ఏరుకోరాదు. ఎన్నింటికి లక్షణాలు ఉన్నాయన్నది ఒక అంకె. లక్షణాల తీవ్రత వేరొక అంకె. తీవ్రతకు 1 నుండి 9 వరకు గల కొలబద్దను వాడతారు. 1 అంటే లక్షణాలు లేనిది లేదా దాదాపు లేనిది, 9 అంటే మొక్క అంతా పసుపుబారి కాయలు లేనిది.

40వ రోజున లొంగిపోయే రకంలో 85 మొక్కలకు తెగులు ఉన్నదనుకుందాం. పి.యు. 31లో 4, టి.బి.జి. 104లో 6, రైతు విత్తనంలో 55 ఉన్నాయనుకుందాం. సాక్షి పట్టీలో 85 ఉన్నందున పరీక్ష చెల్లుతుంది. 4కు, 6కు మధ్య తేడాకు ఒక్క చేనులోని లెక్కతో అర్థం చెప్పరాదు. గింజ తీరు, ధర, దిగుబడి చూచి వాటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. ఇదే పరీక్షలో సాక్షి పట్టీలో కేవలం 8 మొక్కలకు తెగులు ఉండి, మిగిలిన రకాలన్నింటిలో 2 లేక 3 ఉంటే, ఆ సంవత్సరం ఆ చేను దేనినీ పరీక్షించలేదని అర్థం. అటువంటి చేను ముందు క్షేత్ర దినోత్సవం జరిపి అన్ని రకాలనూ నిరోధక రకాలుగా చూపడం వలన మరుసటి సంవత్సరం రైతు నష్టపోతాడు.

ఇక రైతు విత్తనంలోని 55 మొక్కల సంగతి. ఇక్కడ రెండు అవకాశాలు ఉన్నాయి. ఆ రకపు నిరోధకత నిజంగా వీగిపోయి ఉండవచ్చు, లేదా విత్తనంలో కల్తీ ఉండవచ్చు. వీటిని వేరు చేయడానికి 20వ, 30వ రోజుల లెక్క ఉపయోగపడుతుంది. కల్తీ అయితే కొన్ని మొక్కలు మొదటి నుండీ తీవ్రంగా, 7 నుండి 9 స్థాయిలో దెబ్బతింటాయి. వాటి పక్కనే మిగిలినవి చివరి వరకు శుభ్రంగా ఉంటాయి. దెబ్బతిన్న మొక్కలను పరిశీలిస్తే ఆకు ఆకారంలోనో, కాండం రంగులోనో, కాయపై నూగులోనో భేదం కనిపిస్తుంది. నిరోధకత వీగితే ఒకే పోలిక గల మొక్కలే క్రమంగా, చేను అంతటా, మధ్యస్థ తీవ్రతతో పసుపుబారుతూ పోతాయి. మొదటి సందర్భంలో చేయవలసినది విత్తనం మార్చడం. రెండవ సందర్భంలో రకాన్నే మార్చాలి. ఆ మొక్కల ఆకులను వైరస్ నిర్ధారణకు ప్రయోగశాలకు పంపడం కూడా అవసరం, ఎందుకంటే పొరుగు గ్రామాలకు రాబోయే ముప్పును అవి ముందుగా తెలుపుతాయి.

పరిశోధనా స్థానంలో ఇదే సూత్రాన్ని మరింత కట్టుదిట్టంగా పాటిస్తారు. పరీక్షించే వరుసల మధ్య క్రమం తప్పకుండా లొంగిపోయే రకపు వరుసలు వేసి, ఆ ప్రయోగంలో దోమ మందులు వాడకుండా ఉంచుతారు. దోమ రాకపోవడం అన్న సందేహాన్ని పూర్తిగా తొలగించవలసి వస్తే, అగ్రోబ్యాక్టీరియం ద్వారా వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా మొలకలలోకి పంపి చూస్తారు. ఈ పద్ధతిలో ఏ వైరస్ ఎదుట మొక్క నిలిచిందో కచ్చితంగా తెలుస్తుంది. కాని పరీక్షకు వాడిన ఆ ఒక్క వైరస్‌కు మాత్రమే ఆ ఫలితం వర్తిస్తుంది. అందువలన క్షేత్ర పరీక్ష, ప్రయోగశాల పరీక్ష ఒకదానికి మరొకటి బదులు కాజాలవు.

రకానికి తోడుగా చేయవలసినవి

నిరోధక రకం వేసినప్పటికీ తొలి వారాలలో దోమ ఒత్తిడిని తగ్గించడం అవసరం. తక్కువ ఒత్తిడిలో నిరోధకత ఎక్కువ కాలం నిలుస్తుంది. కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. కలిపి విత్తనశుద్ధి చేస్తే మొదటి రెండు మూడు వారాలు రసం పీల్చే పురుగుల నుండి రక్షణ లభిస్తుంది. వరి మాగాణిలో వెదజల్లే విత్తనానికి ఇది మరింత విలువైనది. అక్కడ తరువాత చేనులోకి దిగి చేయగల పనులు తక్కువ.

ఎకరాకు 20 పసుపు రంగు జిగురు అట్టలు పెడితే దోమ రాకను ముందుగా పసిగట్టవచ్చు. తెగులు సోకిన మొక్కలు నూటికి రెండు మూడు ఉన్న దశలోనే పీకి నాశనం చేయాలి. సగం చేను పసుపుబారిన తరువాత పీకడం వలన ప్రయోజనం లేదు. మెట్ట చేలలో చుట్టూ నాలుగు వరుసల జొన్న గాని, మొక్కజొన్న గాని వేస్తే గాలికి కొట్టుకువచ్చే దోమలకు కొంత అడ్డు ఏర్పడుతుంది. ఈ పని వరి మాగాణిలో ఆచరణ సాధ్యం కాదు. అక్కడ దానికి బదులుగా గ్రామమంతా ఒకే వారంలో విత్తడం మేలు. దోమ కనిపిస్తున్నప్పుడు లీటరు నీటికి 0.2 గ్రాముల ఎసిటామిప్రిడ్ గాని, 1.25 గ్రాముల డయాఫెన్‌థియురాన్ గాని ఆకు అడుగు భాగం తడిసేటట్లు పిచికారీ చేయవచ్చు. ఒకే మందును వరుసగా వాడరాదు.

ముగింపు

పల్లాకు తెగులు విషయంలో 'ఏ రకం మంచిది?' అన్న ప్రశ్నకు ఎప్పటికీ నిలిచే సమాధానం లేదు. ఒక రకం మండలమంతటా వ్యాపించిన కొద్దీ, దానిలో పెరగగల వైరస్ రూపాలకే అవకాశం పెరుగుతుంది. కావున ప్రతి సీజనులో కొన్ని గ్రామాలలోనైనా లొంగిపోయే రకాన్ని సాక్షిగా ఉంచి, సాగులో ఉన్న రకాలను దాని పక్కన 20, 30, 40 రోజులలో లెక్కించి నమోదు చేయడం విస్తరణ విభాగం సాధారణ విధులలో భాగం కావాలి. నిరోధక రకంలో నూటికి రెండు మూడు మొక్కలు మధ్యస్థ తీవ్రతతో పసుపుబారడం ఒక సంవత్సరం కనిపించి, మరుసటి సంవత్సరం ఆ సంఖ్య పెరిగితే, దానికి బదులుగా వేయవలసిన రకపు విత్తనాన్ని వృద్ధి చేయడం అప్పుడే మొదలుపెట్టాలి. చేను పూర్తిగా పసుపుబారేదాకా ఆగితే, తరువాతి పైరుకు చేతిలో విత్తనం ఉండదు.